ట్రాక్టర్ కొనే ముందు గంటలు లెక్కపెట్టుకుందాం
(కృష్ణా పశ్చిమ డెల్టాలో, తెనాలి దగ్గర ఒక రైతు సంఘం యంత్ర పరికరాల అద్దె కేంద్రం పెట్టాలనుకున్నప్పుడు, సాధ్యాసాధ్యాల నివేదికను సభ్యులకు వివరిస్తూ చేసిన ప్రసంగం)

అధ్యక్షులు గారికి, సంఘం సభ్యులకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

మీరు నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఒక ట్రాక్టర్, దానికి రోటావేటర్, దమ్ము చక్రాలు కొని అద్దె కేంద్రం పెడితే గిట్టుబాటు అవుతుందా?" అని. మీ కార్యదర్శి గారు ఇంటింటికీ తిరిగి రాసి తెచ్చిన కాగితాలు నాకు బాగా పనికొచ్చాయి. సభ్యులు 42 మంది, అందరిదీ కలిపి 260 ఎకరాలు. సార్వాకి వరి, ఆ తర్వాత దుక్కి లేకుండా మొక్కజొన్న. ఊళ్లో ఇప్పటికే 11 ట్రాక్టర్లు ఉన్నాయి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ముందు ఖర్చు చూద్దాం. నేను వేసిన ధరలు అంచనాలే, కొటేషన్లు చేతికొచ్చాక మార్చుకోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద, వ్యవసాయ యంత్రాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మీ ఫైల్లో ఉన్న కొటేషన్ ఒకటి అంతకు ముందుది. దాన్ని పక్కన పెట్టి కొత్తది తీసుకోండి.

45 హెచ్‌పీ ట్రాక్టర్‌కి ఏడున్నర లక్షలు, రోటావేటర్, గొర్రు, దమ్ము చక్రాలు కలిపి రెండు లక్షలు. మొత్తం తొమ్మిదిన్నర లక్షలు అనుకుందాం. ఈ బండి షెడ్డులో నిలబడి ఉన్నా ఏటా కొంత ఖర్చవుతుంది. ట్రాక్టర్ పదేళ్లు, పరికరాలు ఎనిమిదేళ్లు పనిచేస్తాయనుకుని, చివర్లో పదో వంతు ధర తిరిగి వస్తుందనుకుంటే తరుగుదల ఏడాదికి 90 వేలు. పెట్టుబడి మీద వడ్డీ 52 వేలు. ఈ వడ్డీ మొత్తం ధర మీద వేసింది కాదు. కొన్న ధరకీ చివరి ధరకీ మధ్య సగటు మీద పది శాతం చొప్పున వేశాను. బీమా, షెడ్డు, చిల్లర ఖర్చులు 18 వేలు. ఇక్కడికి లక్షా 60 వేలు. లెక్కలు రాసి, ఫోన్లు ఎత్తి, వరస చూసే మనిషికి నెలకు ఎనిమిది వేలు ఇస్తారనుకుంటే అందులో సగం, అంటే 48 వేలు, ఈ ట్రాక్టర్ మీద పడాలి. అంతా కలిపి రెండు లక్షల ఎనిమిది వేలు. ఒక్క గంట తిరక్కపోయినా ఈ డబ్బు ఖర్చయినట్టే.

ఇక తిరిగితే అయ్యే ఖర్చు. రోటావేటర్‌తో దమ్ము చేస్తే గంటకు ఐదున్నర లీటర్ల డీజిల్ తాగుతుంది. లీటరు 97 రూపాయల లెక్కన 533. ఆయిలు, గ్రీజు 47. రిపేర్లు, టైర్లు, రోటావేటర్ బ్లేడ్లు 120. డ్రైవర్‌కి గంటకు 150. ఇది 850 అయింది. చాలా మంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఒక పొలం నుంచి ఇంకో పొలానికి వెళ్లే దారిలో కూడా ఇంజిన్ నడుస్తుంది, ఆ గంటకు ఎవరూ డబ్బివ్వరు. దానికి ఇంకో 50 వేశాను. అలా బిల్లు రాసిన ప్రతి గంటకూ 900 ఖర్చు.

మీ ఊళ్లో రోటావేటర్ అద్దె గంటకు 1,300 నడుస్తోందని మీ కాగితాల్లోనే ఉంది. 1,300 లోంచి 900 తీసేస్తే గంటకు 400 మిగులుతుంది. ఆ నాలుగు వందలతో రెండు లక్షల ఎనిమిది వేలు పూడాలంటే ఏడాదికి 520 గంటలు తిరగాలి. అవి ఇంజిన్ గంటలు కాదు, బిల్లు రాసి డబ్బు వసూలైన గంటలు. ఈ 520ని బోర్డు మీద అలాగే ఉంచండి.

(సభ్యుల్లో ఒకరు: సబ్సిడీ వస్తుంది కదండీ, దాన్ని తీసెయ్యలేదేంటి?)

అడిగారు, మంచిది. కేంద్రం వారి వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ కింద అద్దె కేంద్రం ప్రాజెక్టుకు 40 శాతం వరకు సాయం ఉంది. అది వస్తే మీ చేతి నుంచి పెట్టేది తగ్గుతుంది, వడ్డీ తగ్గుతుంది. నా లెక్కలో వడ్డీ 52 వేల నుంచి 31 వేలకు దిగుతుంది. కానీ తరుగుదలను నేను తగ్గించను. ఎందుకంటే పదేళ్ల తర్వాత బండి మార్చాల్సి వచ్చినప్పుడు మళ్లీ సబ్సిడీ ఇస్తామని ఎవరూ రాసివ్వలేదు. అప్పుడు పూర్తి ధర మీరే పెట్టుకోవాలి, ఆ డబ్బు ఇప్పటి నుంచే పక్కన పడుతూ ఉండాలి. వడ్డీలో తగ్గిన 21 వేలను గంటలుగా మారిస్తే 52. అంటే 40 శాతం సబ్సిడీ వల్ల 520 గంటలు కాస్తా 468 అవుతాయి. అంతే. పైగా ఈ సాయం అప్పుకు ముడిపడి ఉంటుంది, బండి కొన్నాక తర్వాత జమ అవుతుంది. అది వచ్చేదాకా మొత్తం మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద తీసుకున్న అప్పుకు ఏడేళ్ల వరకు మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది, అద్దె కేంద్రాలకు అది వర్తిస్తుంది. అది ఇప్పటికీ ఇస్తున్నారో లేదో బ్యాంకులో కనుక్కుని దరఖాస్తు పెట్టండి. కానీ ఈ రెండింటిలో ఏదీ బండికి పని తెచ్చిపెట్టదు.

పని ఎంత ఉందో ఇప్పుడు చూద్దాం. ఈ నివేదికలో నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే.

నెలలవారీగా వెళ్దాం. మే చివర, జూన్‌లో తొలకరి పడ్డాక వేసవి దుక్కులు. వాన మరీ ఎక్కువైనా దుక్కి సాగదు, మరీ తక్కువైనా సాగదు. పని జరిగే రోజులు 15, రోజుకు ఏడు గంటలు. మొత్తం 105. కాలువకు నీరు వదిలాక జూలై మధ్య నుంచి ఆగస్టు ఇరవై దాకా దమ్ములు. క్యాలెండర్‌లో 35 రోజులు కనిపిస్తాయి. ముసురు పట్టిన రోజులు, బండి మూలపడిన రోజులు తీసేస్తే 28. రోజుకు తొమ్మిది గంటల బిల్లు రాయగలిగితే 252 గంటలు. సెప్టెంబర్, అక్టోబర్‌లో పొలంలోకి ట్రాక్టర్ దిగదు. నవంబర్ చివర, డిసెంబర్‌లో కోతలు. ఆ తర్వాత మీరు మాగాణిలో దున్నకుండానే తాడు పట్టి, రంధ్రాలు వేసి మొక్కజొన్న గింజ పెడతారు. ఈ పద్ధతి మీకు దుక్కి ఖర్చు తగ్గించింది, నేలలో తేమ వృథా కాకుండా ఆపింది. కానీ అద్దె కేంద్రం వైపు నుంచి చూస్తే దాళ్వా దుక్కి మొత్తం పోయినట్టే. మెట్ట ప్రాంతం వాళ్ల నివేదికలు చూసి 'రబీ దుక్కులు 150 గంటలు' అని రాసుకుంటే ఇక్కడ కుదరదు.

105, 252 కలిపితే 357 గంటలు. కావలసింది 520.

ఇంకో సంగతి. ఈ 252 గంటల్లో ఒక ట్రాక్టర్ ఎన్ని ఎకరాలు చేస్తుంది? మీ నల్లరేగడిలో రెండు సాళ్లు తిప్పి, గట్ల పక్కన సరిచేసుకుంటే ఎకరానికి గంటన్నర పడుతుంది. అంటే 168 ఎకరాలు. మీవి 260. నీరు వచ్చిన మొదటి వారంలోనే అందరూ 'నాకు ముందు' అంటారు. 42 మందిలో 15 మందికి సంఘం బండి అందదు, వాళ్లు మళ్లీ ఊళ్లో బండ్లనే పిలవాలి. గంటల పరంగా చూస్తే బండికి ఏడాదంతా పని చాలదు, సీజన్‌లో చూస్తే ఒక్క బండి చాలదు. రెండూ ఒకేసారి జరుగుతాయి. చాలా సంఘాల్లో గొడవలు మొదలయ్యేది ఇక్కడే. వరస ఎవరు రాశారు, ఎవరి పొలం ముందు తడిపారు అని. అందుకే వరసను మనుషుల పేర్లతో కాకుండా బోదె ప్రకారం రాయమంటున్నాను. ఏ బోదెకు నీరు ముందు ఎక్కితే ఆ బోదె కింద పొలాలన్నీ ఒక్క చుట్టులో అయిపోవాలి. గొడవా తగ్గుతుంది, ఇందాక చెప్పిన దారి డీజిలూ తగ్గుతుంది.

(ఇంకొకరు: సభ్యులకైనా వంద తగ్గించి ఇవ్వాలి కదండీ. లేకపోతే సంఘం బండి అని చెప్పుకుని ఏం లాభం?)

ఆ వంద ఎంత పెద్దదో చూడండి. 1,200కి ఇస్తే గంటకు మిగిలేది 400 కాదు, 300. రెండు లక్షల ఎనిమిది వేలను 300తో భాగిస్తే 693 గంటలు. వంద తగ్గించగానే ఇంకో 173 గంటల పని వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ పని ఊళ్లో లేదు. సభ్యులకు మేలు చెయ్యాలంటే అద్దె అందరికీ ఒకటే పెట్టి, ఏడాది చివర మిగులు ఉంటే ఎవరు ఎన్ని గంటలు వాడుకున్నారో ఆ దామాషాలో వెనక్కి ఇవ్వండి. మిగులు లేకపోతే ఇవ్వడానికి ఏమీ ఉండదు, కనీసం బండి నిలబడుతుంది.

బాకీల సంగతీ ఇలాంటిదే. జూలైలో దమ్ము చేయించుకున్న రైతు డిసెంబర్‌లో ధాన్యం అమ్మాక ఇస్తానంటాడు. అది మన దగ్గర ఉన్న రివాజు, తప్పు పట్టను. కానీ పదో వంతు బిల్లులు వసూలు కాలేదనుకోండి, గంటకు సగటున 130 పోయినట్టు. 400 కాస్తా 270 అవుతుంది, కావలసిన గంటలు 770కి ఎక్కుతాయి. డబ్బు మొత్తం వచ్చినా ఆలస్యంగా వస్తే ఇంకో ఇబ్బంది ఉంది. ఆ 252 గంటల దమ్ముకు దారి డీజిల్‌తో సహా డీజిల్‌కీ డ్రైవర్‌కీ కలిపి లక్షా 85 వేలు జూలై, ఆగస్టుల్లోనే చేతి నుంచి పోతాయి. ఈ నడుపుకునే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మీ ముసాయిదాలో ఒక్క వరసా లేదు. బండి ధరలో మీ వాటా పోగు చేసి, పెట్రోల్ బంకులో అరువు పెట్టి సీజన్ మొదలుపెడితే ఆగస్టు మొదటి వారంలోనే బండి ఆగుతుంది. బ్యాంకులో మాట్లాడేటప్పుడు కూడా నెలనెలా కిస్తీ వద్దనండి. జనవరిలో ఒకటి, మేలో ఒకటి, మీ ధాన్యం డబ్బు, మొక్కజొన్న డబ్బు చేతికొచ్చే వేళకు పెట్టమని అడగండి.

సరే, ట్రాక్టర్‌కి 357 గంటలే ఉన్నాయి. మిగతా గంటలు ఎక్కడ దొరుకుతాయి?

మీ ఊళ్లో ఏం లేదో చూస్తే దారి కనిపిస్తుంది. ట్రాక్టర్లు 11 ఉన్నాయి, రోటావేటర్లు ఏడు ఉన్నాయి. కోతకు చైన్ మిషన్లు బయటి నుంచి వస్తున్నాయి. గడ్డి కట్టలు కట్టే బేలర్ ఊళ్లో ఒక్కటీ లేదు. మిషన్ కోసిన చేలో గడ్డి పరుచుకుని ఉంటుంది. మొక్కజొన్న గింజ పెట్టాలంటే దాన్ని తీయాలి, లేదా కాల్చాలి. మీ కాగితాల్లో పోయినేడు బేలర్ కోసం ఎదురుచూసి, చివరికి కాల్చేశామని రాసినవాళ్లు 19 మంది ఉన్నారు. మీ కార్యదర్శి గారు 'బేలర్ పెడితే వాడుకుంటారా?' అని అడగకుండా 'పోయినేడు గడ్డి ఏం చేశారు, ఏ తారీఖున, ఎంత ఇచ్చారు?' అని అడిగారు. మొదటి ప్రశ్నకు అందరూ 'ఓ, వాడుకుంటాం' అంటారు. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబు మీదే లెక్క వెయ్యగలం.

బేలర్ లెక్క ఇది. చిన్న గుండ్రటి కట్టల బేలర్ నాలుగు లక్షలు అనుకుందాం. తరుగుదల, వడ్డీ, చిల్లర ఖర్చులు కలిపి ఏటా 72 వేలు, లెక్కలు రాసే మనిషి జీతంలో వాటా 24 వేలు. 96 వేలు. ట్రాక్టర్ కొనొద్దు. మీలో ఆరుగురికి సొంత ట్రాక్టర్లు ఉన్నాయి, డిసెంబర్‌లో అవి ఖాళీగానే ఉంటాయి. డీజిల్, డ్రైవర్ వాళ్లవే, గంటకు 750 ఇస్తామని రాసుకోండి. గంటకు 45 కట్టలు కడితే కట్టకు 17 రూపాయలు. దారం నాలుగు, రిపేర్లకు రెండు. 23 ఖర్చు. కట్టకు 40 తీసుకుంటే 17 మిగులుతుంది. 96 వేలు పూడడానికి 5,650 కట్టలు కావాలి. ఎకరానికి 40 కట్టల చొప్పున 141 ఎకరాలు.

ఇన్ని రోజులున్నాయా? ఈ కాలంలో తెల్లారగట్ల మంచు పడుతుంది. పది, పదకొండు గంటలదాకా గడ్డి చెమ్మగా ఉంటుంది. చెమ్మ గడ్డి వేస్తే బేలర్ నోట్లో చుట్టుకుపోయి బెల్టులు, చెయిన్లు తెగుతాయి. కట్ట కట్టినా లోపల బూజు పడుతుంది. ఒక గుప్పెడు గడ్డి తీసుకుని మెలిపెట్టి చూడండి. పుటుక్కున తెగితే బండి దించొచ్చు, మెలితిరిగి సాగుతుంటే ఇంకో గంట ఆగాలి. అందుకే రోజుకు ఆరు గంటలే వేశాను. నవంబర్ చివరి నుంచి డిసెంబర్ ఆఖరు దాకా 25 పనిరోజులు. పూర్తిగా నడిస్తే 6,750 కట్టలు. 96 వేలు పూడడానికి 21 రోజులు చాలు.

నాలుగు రోజుల వెసులుబాటు మాత్రమే ఉంది, ఇది తక్కువే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మన చేలల్లో వరి ఎలా పడిపోయిందో నేను చెప్పక్కర్లేదు. అలాంటి తుఫాను వచ్చి ఎనిమిది రోజులు పోతే 17 రోజులు మిగులుతాయి, 4,590 కట్టలు, 78 వేలు. బేలర్ ఖర్చు పూడుతుంది, జీతం వాటా పూడదు. సుమారు 18 వేలు నష్టం. అది సంఘం తట్టుకోగలిగిన నష్టం. పైగా గడ్డి కొనేవాళ్లు కట్టలు లారీకి ఎక్కించేటప్పుడే డబ్బిస్తారు. దమ్ము బాకీలాగా ఐదు నెలలు ఆగదు.

ఇక ఈ బేలర్‌కి సంఘం సొంత ట్రాక్టర్ కడితే? 150 గంటల పని దొరుకుతుంది నిజమే, కానీ అందులో ట్రాక్టర్‌కి మిగిలేది గంటకు వంద దాటదు. కాబట్టి గంటలన్నీ ఒక్కటే అనుకోవద్దు. 357 గంటలకు నాలుగు వందలు, 150 గంటలకు వంద, కలిపితే లక్షా 57 వేల 800. రెండు లక్షల ఎనిమిది వేలకు ఇంకా 50 వేలు తక్కువ. ట్రాక్టర్ నిలబడాలంటే ఇంకో 126 దమ్ము గంటలు కావాలి. అది ఊళ్లో లేదు కానీ కాలువ చివరి ఊళ్లలో ఉంది. మీకు నీరు వచ్చాక వాళ్లకు అందడానికి రెండు వారాలు పడుతుంది. ఇక్కడ దమ్ములు అయ్యాక బండి కిందికి వెళ్తే 14 రోజులు, రోజుకు తొమ్మిది గంటలు, సరిగ్గా 126. కాగితం మీద ట్రాక్టర్ గట్టెక్కుతుంది. కానీ ఆ ఊళ్లలోనూ ట్రాక్టర్లున్నాయి. అక్కడి రైతులు ఫలానా తారీఖుల్లో ఇన్ని ఎకరాలు మీకే ఇస్తామని రాసిచ్చి, కొంత అడ్వాన్సు కట్టిన రోజున ఈ లెక్క మళ్లీ వేద్దాం.

(వెనుక వరసలోంచి ఒక సభ్యురాలు: నాట్లకి మనుషులు దొరకట్లేదండీ. నాటు మిషన్ కొనండని మా వీధిలో అందరం అనుకుంటున్నాం.)

అమ్మా, మీ ఇబ్బంది నాకు తెలుసు. నాటు మిషన్‌లో కష్టం మిషన్‌ది కాదు, నారుది. మామూలు నారుమడిలో పీకిన నారు అందులో పనికిరాదు. ట్రేలలోనో, ప్లాస్టిక్ షీటు మీదో చాపలాగా పెంచాలి, ఎకరానికి 80 నుంచి 100 ట్రేలు. 14 నుంచి 18 రోజుల వయసులో నాటెయ్యాలి. కాలువ నీరు పది రోజులు ఆలస్యమైతే ఆ నారు ముదిరి వేళ్లు పెనవేసుకుంటాయి, మిషన్ కొక్కేలకు అందదు, కుదుళ్లు ఖాళీ పోతాయి. నీరు ఆలస్యమైన ఏడాది మీలో సగం మంది వెదజల్లడానికి పోతారు, అప్పుడు మిషన్‌కి పనే ఉండదు. బోరు ఉన్న నలుగురైదుగురు రైతులు చాప నారు పెంచే బాధ్యత తీసుకుంటే వచ్చే ఏడాది అద్దెకు ఒక మిషన్ తెచ్చి పది ఎకరాల్లో చూడండి. కొనడం తర్వాత.

పని పుస్తకం, డీజిల్ లెక్క గురించి ఒక మాట చెప్పాలి, బేలర్ ఒక్కటే తీసుకున్నా పుస్తకం అవసరమే. ప్రతి పనికీ చిన్న పుస్తకంలో మొదలుపెట్టిన టైము, ఆపిన టైము, కట్టల సంఖ్య, రైతు సంతకం ఉండాలి. ట్రాక్టర్ మీటర్‌ని మాత్రమే నమ్మొద్దు. చాలా బండ్లలో అది ఇంజిన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది, గడియారం గంటకీ దానికీ తేడా ఉంటుంది. సంఘానికి సొంత బండి వచ్చిన రోజు నుంచి వారానికోసారి డీజిల్ లీటర్లను బిల్లు గంటలతో భాగించండి. ఆరు దగ్గర ఉంటే సరే. ఏడు దాటితే బ్లేడ్లు అరిగి ఉండాలి, లేదా బండి ఎక్కువ దూరం ఊరికే తిరుగుతుండాలి, లేదా బిల్లు రాయని పని జరుగుతుండాలి. బ్లేడ్లు అరిగాయో లేదో మట్టి చూస్తే తెలుస్తుంది. దమ్ము చేశాక గడ్డలు మిగిలితే బ్లేడ్లే. దమ్ము మెత్తగా ఉండి డీజిల్ పెరిగితే పుస్తకం చూడండి.

కాబట్టి తీర్మానంలో రాయమని నేను చెప్పేది ఇది. ఈ ఏడాది ట్రాక్టర్ కొనడం లేదు. బేలర్ ఒకటి కొంటాం, నడుపుకోవడానికి ఇంకో లక్షా ఇరవై వేలు విడిగా ఖాతాలో ఉంచుతాం. ట్రాక్టర్లున్న ఆరుగురు సభ్యులతో గంటకు 750 చొప్పున ఒప్పందం అక్టోబర్‌లోపు సంతకం చేయిస్తాం. 141 ఎకరాలకు రైతుల పేర్లు, సర్వే నంబర్లు, ఎకరానికి రెండు వందల అడ్వాన్సు నవంబర్ మొదటి వారానికల్లా రావాలి. అంత రాకపోతే బేలర్ ఆర్డర్ కూడా పెట్టొద్దు. డీలర్ దగ్గర దారం, బెల్టులు, చెయిన్లు తెనాలిలోనే దొరుకుతాయా అన్నది కొటేషన్ మీదే రాయించండి. డిసెంబర్‌లో ఒక చెయిన్ కోసం మూడు రోజులు ఆగితే మీకున్న నాలుగు రోజుల వెసులుబాటులో మూడు అక్కడే పోతాయి.

ప్రశ్నలుంటే అడగండి. కొటేషన్లు నా దగ్గర ఉన్నాయి, ఇక్కడే కూర్చుని ఒక్కొక్కటి చూద్దాం.